అలర్ట్ లైన్ దాటాక ముందు చూడాల్సింది నొప్పులు, తల

*లేబర్ రూమ్‌లో కొత్తగా చేరాను. పార్టోగ్రామ్‌లో గీత అలర్ట్ లైన్ దాటి, యాక్షన్ లైన్‌కి ఇంకా చేరకపోతే ఏం చేయాలి? ఆగాలా, ఆక్సిటోసిన్ పెట్టాలా, సిజేరియన్‌కి చెప్పాలా? దేన్ని చూసి తేల్చుకోవాలి?*

ముఖద్వారం గీత ఒక్కటే చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదండీ. ప్రసవం నెమ్మదించిందని ఆ గీత చెబుతుంది గానీ ఎందుకు నెమ్మదించిందో చెప్పదు. ఆ కారణం అదే కాగితంలో ఇంకో మూడు చోట్ల ఉంటుంది: కింద నొప్పుల గడులు, తల దిగిన గుర్తులు, పైన మౌల్డింగ్ వరుస. నొప్పులు చాలక ఆగిందా, నొప్పులు బాగానే ఉన్నా తల పట్టక ఆగిందా? నేను ముందు తేల్చుకునేది ఇదే. మొదటి రకానికి ఆక్సిటోసిన్ మందు. రెండో రకంలో అదే ఆక్సిటోసిన్ గర్భసంచి చిట్లడానికి దారితీయొచ్చు.

గీతల లెక్క ఒకసారి చెప్పుకుందాం. నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలై గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పది దాకా పోయేది అలర్ట్ లైన్. దానికి నాలుగు గంటలు కుడిగా, సమాంతరంగా ఉండేది యాక్షన్ లైన్. ఆమె యాక్టివ్ ఫేజ్‌లోకి వచ్చాక చేసిన మొదటి పీవీ గుర్తు అలర్ట్ లైన్ మీదే పడాలి. ఏడు సెంటీమీటర్లతో వస్తే ఏడు దగ్గర లైన్ మీద పెట్టి, ఆ గడి కింద వచ్చిన టైమ్ రాయాలి. మూడు సెంటీమీటర్లకే గీయడం మొదలుపెడితే కాసేపటికి ప్రతి ప్రైమీ లైన్ దాటినట్టే కనిపిస్తుంది, అక్కర్లేని సిజేరియన్లకు అదో దారి అవుతుంది.

మా వార్డులో ఒకే రకం గీత వచ్చిన ఇద్దరి సంగతి చెబుతాను. ఇద్దరికీ ఉదయం 10కి నాలుగు సెంటీమీటర్లు, మధ్యాహ్నం 2కి ఆరు. అలర్ట్ లైన్ ప్రకారం ఆరు అనేది 12కే రావాలి. అంటే ఇద్దరూ లైన్ దాటి రెండు గంటలు కుడివైపున ఉన్నారు. యాక్షన్ లైన్ తాకడానికి ఇంకో రెండు గంటలుంది. గీత మాత్రమే గీసి చూపిస్తే ఎవరిది ఏదో ఎవరూ చెప్పలేరు.

మొదటామెది తొలి కాన్పు. నొప్పులు 10కి పది నిమిషాల్లో మూడు వచ్చాయి, ఒక్కోటి అర నిమిషం ఉంది. 2 అయ్యేసరికి రెండుకు తగ్గి, ఒక్కోటి ఇరవై అయిదు సెకన్లే ఉంటోంది. తల పొట్ట మీద 3/5 తగులుతోంది, ఉదయం కూడా అంతే. మౌల్డింగ్ సున్నా. ఉమ్మనీటి సంచి పగల్లేదు. బిడ్డ గుండె చప్పుడు 136 నుంచి 144 మధ్యే ఉంది. ఆమె నాడి 84. పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రాశయం ఉబ్బి ఉంది, చాలాసేపటి నుంచి మూత్రానికి లేవలేదట. ఇక్కడ తలకు అడ్డం పడిన ఆనవాలు ఒక్కటీ లేదు. బలం చాలట్లేదు, అంతే.

డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాం. ముందు మూత్రం పోయించి, నీళ్లు తాగించి, తోడుగా వచ్చినావిడని పట్టుకుని నడవమన్నాం. తర్వాత డాక్టర్ గారు వచ్చి పరీక్ష చేశారు. తల ముఖద్వారానికి ఆని ఉందనీ, బొడ్డుతాడు ముందుకు తగలట్లేదనీ చూసుకున్నాకే సంచి పగలగొట్టారు. నీళ్లు తేటగా వచ్చాయి. పగలగొట్టిన వెంటనే గుండె చప్పుడు విన్నాం. తాడు జారితే ఆ క్షణంలోనే తెలుస్తుంది కాబట్టి ఈ ఒక్క పనిని ఎంత హడావిడిలోనూ వదలకండి. 4 గంటలకు ఏడు సెంటీమీటర్లు, నొప్పులు మూడు, ముప్పై అయిదు సెకన్లు, తల 2/5. ముందుకు కదిలింది గానీ ఇంకా చాలదు. అప్పుడు అర లీటరు సెలైన్‌లో రెండున్నర యూనిట్ల ఆక్సిటోసిన్ కలిపి, నిమిషానికి పది చుక్కలతో మొదలుపెట్టి, అరగంటకోసారి పది చుక్కలు పెంచారు. పది నిమిషాల్లో మూడు నొప్పులు, ఒక్కోటి నలభై సెకన్లు దాటేదాకా పెంచి అక్కడ ఆపారు. 6కి తొమ్మిది సెంటీమీటర్లు. రాత్రి 8 లోపే మామూలు కాన్పు అయింది. ఆక్సిటోసిన్ ఎక్కుతున్నంతసేపూ ఒక మనిషి ఆమె పక్కనే ఉండాలి. పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులొచ్చినా, నొప్పి నిమిషం దాటినా, గుండె చప్పుడు పడిపోయినా డ్రిప్ ఆపేసి, ఆమెను ఎడమవైపుకి తిప్పి, డాక్టర్‌ని పిలవాలి. సిజేరియన్ చేసే వీలు లేనిచోట ఈ డ్రిప్ పెట్టకూడదు.

రెండో ఆమెది మూడో కాన్పు. అంతకుముందు రెండూ మామూలు కాన్పులే కావడంతో అందరూ ధీమాగా ఉన్నారు. నొప్పులు 10కి మూడు, నలభై సెకన్లు. 12కి నాలుగు. 2కి కూడా నాలుగే, ఒక్కోటి యాభై సెకన్లు, గడులన్నీ నిండుగా నల్లగా ఉన్నాయి. అయినా తల 10కీ 4/5, 2కీ 4/5. ఉదయం సున్నా ఉన్న మౌల్డింగ్ 12కి రెండు ప్లస్‌లు, 2కి మూడు ప్లస్‌లు. సంచి 12కి దానంతటదే పగిలి నీళ్లు తేటగా వచ్చాయి, 2కి ఆకుపచ్చగా మారాయి. గుండె చప్పుడు 140 నుంచి 164కి ఎక్కింది. ఆమె నాడి 84 నుంచి 112కి చేరింది.

ఈ కాగితంలో ఆగమనేది ఏదీ లేదు. యాక్షన్ లైన్ ఇంకా రెండు గంటల దూరంలో ఉందన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. మంచి నొప్పులు వచ్చిన కాన్పుల మనిషికి ముఖద్వారం నెమ్మదించిందంటే అడ్డం ఉందనే అనుకోవాలి. తొలి కాన్పులో గర్భసంచి అలిసిపోయి నొప్పులు తగ్గించేస్తుంది. కాన్పులైన గర్భసంచి చాలాసార్లు అలా తగ్గదు, అడ్డం ఉన్నా నెడుతూనే పోతుంది. ఆమెకు ఆక్సిటోసిన్ పెట్టలేదు. ఎడమవైపుకి పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, రక్తం సిద్ధం చేసుకుని థియేటర్‌కి తీసుకెళ్లాం. లోపల బిడ్డ వీపు వెనక్కి ఉంది, తల సరిగా వంగలేదు. గర్భసంచి కింది భాగం అప్పటికే పల్చగా సాగిపోయి ఉంది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

ఆ రోజు కాగితంలో నేను ఎక్కువసేపు చూసింది తల దిగిన గుర్తులు. పీవీ చేసినప్పుడు తల ఇంకొంచెం కిందికి వచ్చినట్టే తగిలింది, కానీ అది ఎముక కాదు, కాపుట్. అంటే తల మీద వాచిన మెత్తటి చర్మం. తల ఇరుక్కున్న కొద్దీ ఆ వాపు కిందికి పెరుగుతూ పోతుంది, లోపలి వేలికి అది తల దిగినట్టే అనిపిస్తుంది, పుర్రె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే తల దిగిందా లేదా అన్నది పొట్ట మీదే తేల్చాలి. పీవీకి ముందు, నొప్పి లేని సమయంలో, జఘనాస్థి పైన తల ఎన్ని వేళ్ల మేర తగులుతోందో చూడాలి. అయిదు వేళ్లూ పడితే 5/5, తల పూర్తిగా పైనే ఉంది. రెండు వేళ్లు పడితే 2/5, తల కటిలోకి దిగి కుదురుకుంది. లోపల కిందికి వచ్చినట్టుండి, పైన ఇంకా 4/5 ఉంటే పై లెక్కనే నమ్మండి.

మౌల్డింగ్ కూడా వేలితో శ్రద్ధగా చూడాల్సిందే. పుర్రె ఎముకల మధ్య సందు తగిలితే సున్నా. అంచులు ఒకదానికొకటి ఆనితే ఒక ప్లస్. ఒకదానిపైకి ఒకటి ఎక్కి, మెల్లగా నొక్కితే వెనక్కి పోతే రెండు. నొక్కినా కదలకపోతే మూడు. తల ఇంకా పైనే ఉండగా మూడు ప్లస్‌లు తగిలాయంటే తల ఆ కటిలో పట్టదని అర్థం.

పీవీ గురించి ఒక హెచ్చరిక. ఇద్దరు చూస్తే ఒక సెంటీమీటరు తేడా రావడం మామూలే. డ్యూటీ మారినప్పుడు ఆరు కాస్తా అయిదున్నర అయితే ముఖద్వారం వెనక్కి పోలేదు, చెయ్యి మారిందంతే. వీలైనంతవరకు ఒకే మనిషి చూడాలి. నాలుగు గంటలకోసారి చాలు, అనుమానం వచ్చినప్పుడు మాత్రం ముందే చూడొచ్చు. గుండె చప్పుడు అరగంటకోసారి, నొప్పి వచ్చి తగ్గుతుండగా కనీసం ఒక నిమిషం పాటు వినాలి, తల్లి నాడి కూడా పట్టుకుని ఉండాలి. ఆ చెయ్యి తీసేస్తే కొన్నిసార్లు తల్లి నాడినే బిడ్డదని రాసేస్తాం.

మీ దగ్గర ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ వాడుతుంటే అందులో ఈ రెండు వాలు గీతలూ ఉండవు. అందరికీ గంటకో సెంటీమీటరు కావాలనడం సరికాదని 2018లోనే ఆ సంస్థ చెప్పింది. యాక్టివ్ ఫేజ్ అయిదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. ఒక్కో సెంటీమీటరుకి వేరే గడువు ఉంటుంది: అయిదు దగ్గర ఆరు గంటలు, ఆరు దగ్గర అయిదు, ఏడు దగ్గర మూడు, ఎనిమిది దగ్గర రెండున్నర, తొమ్మిది దగ్గర రెండు. ఆ గడువులోపు తర్వాతి సెంటీమీటరుకి పోకపోతే గుండ్రం చుట్టాలి. నాకు అందులో బాగా నచ్చింది ప్రతి వరుసకీ హద్దు రాసి ఉండటం. పైన చెప్పిన ఇద్దరికీ ఆ కాగితమే వాడి ఉంటే, ముఖద్వారం దగ్గర ఇద్దరికీ ఇంకా గుండ్రం పడేది కాదు. మొదటామెకు నొప్పుల దగ్గర, రెండో ఆమెకు గుండె చప్పుడు దగ్గరా మౌల్డింగ్ దగ్గరా పడేది. సమస్య ఎక్కడుందో ఆ గుండ్రాలే చూపించేవి.

మీరు ఫోన్ చేసేటప్పుడు "మేడమ్, అలర్ట్ లైన్ దాటింది" అని ఆపేయకండి. ఆ మాటతో అవతల ఉన్న డాక్టర్‌కి ఏమీ తేలదు. ఇలా చెప్పండి: "మూడో కాన్పు మేడమ్, నాలుగు గంటల్లో నాలుగు నుంచి ఆరుకొచ్చింది. నొప్పులు పదికి నాలుగు, యాభై సెకన్లు. తల 4/5 నుంచి దిగలేదు, మౌల్డింగ్ మూడు ప్లస్, నీళ్లు ఆకుపచ్చగా వస్తున్నాయి, గుండె చప్పుడు 164, ఆమె నాడి 112. ఆక్సిటోసిన్ పెట్టలేదు, థియేటర్‌కి చెప్పమంటారా?"