లామా ఫారం మీద సంతకం ఒక్కటీ చాలదు

"బెంగళూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రి క్యాజువాల్టీలో కొత్తగా డ్యూటీ డాక్టర్‌గా చేరాను. మేం వద్దన్నా పేషెంట్ వెళ్లిపోతానంటే, దాన్ని లామా అంటూ అచ్చు ఫారం మీద సంతకం తీసుకుని పంపేస్తున్నారు. కేస్ షీట్‌లో విడిగా ఏమైనా రాయాలా?"

రాయాలి. అచ్చు ఫారంలో ఉండేదల్లా "నా సొంత బాధ్యతపై వెళ్తున్నాను, ఏం జరిగినా ఆసుపత్రికి సంబంధం లేదు" అన్న మాటే. రేపు గొడవ వినియోగదారుల కమిషన్ దాకా పోతే, ఏ ప్రమాదం చెప్పారు, ఏ భాషలో చెప్పారు, అతనికి అర్థమైందా అని అడుగుతారు. వాటికి జవాబు మీ నోట్‌లో ఉండాలి.

నేను ఈ ఊళ్లోనే క్యాజువాల్టీలో చాలాకాలం చేశాను. ఒక కేసు చెప్తాను. మదనపల్లె వైపు మేస్త్రి, యాభై దాటిన మనిషి, రాత్రి ఛాతీ నొప్పితో వచ్చాడు. మొదటి ఈసీజీలో మార్పుల్లేవు, ట్రోపోనిన్ నెగెటివ్. 3 గంటలాగి మళ్లీ చూద్దాం, రాత్రికి మానిటర్ మీద ఉండమన్నాను. "నొప్పి తగ్గింది గదా సార్, రిపోర్టూ బాగుందంటిరి, నేను పోతా" అన్నాడు. అప్పటికే సిస్టర్ ఫారం తెచ్చి పెట్టేసింది.

ఫారం పక్కన పెట్టి, ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగాను. తెల్లారి స్లాబ్ పోస్తున్నారట, తను లేకపోతే పని ఆగిపోతుందట. కాసేపాగి అసలు సంగతి బయటికొచ్చింది: అడ్మిషన్ అడ్వాన్స్ కట్టలేడు. డబ్బు సమస్యయితే దారి ఉంది కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రి జయదేవకు రాసిస్తానన్నాను. పోనీ అడ్మిట్ కాకపోయినా రెండో పరీక్ష అయ్యేదాకా ఇక్కడే ఉండమన్నాను. రెండూ వద్దన్నాడు. ఆ రెండూ నోట్‌లోకి వెళ్లాయి. "వ్యక్తిగత కారణాలు" అని రాసి ఊరుకుంటే, మీరు వేరే దారి చూపించారన్న సంగతి ఎక్కడా కనబడదు.

ప్రమాదం రాసేటప్పుడు ఆ పేషెంట్‌కున్న ప్రమాదమే రాయండి. "రిస్కులన్నీ వివరించాం" అంటే ఏమీ చెప్పనట్టే. చావు సంగతి చెప్పడానికి మనకు నోరు రాదు గానీ, చెప్పాలి, రాయాలి. విన్నాక ఏం అర్థమైందో అతని నోటనే చెప్పించుకోండి. ఆ రాత్రి నేను రాసింది తెలుగులో చెప్పాలంటే ఇదీ:

"రాత్రి 11.40. పేషెంట్ పూర్తి స్పృహలో ఉన్నారు, మద్యం వాసన లేదు, ఎక్కడున్నారో ఎందుకొచ్చారో సరిగా చెప్పారు. నొప్పి మొదలైన తొలి గంటల్లో రక్తపరీక్ష బాగున్నా గుండెపోటు లేదని చెప్పలేమని, ఇంటికెళ్లాక గుండెపోటు రావచ్చని, గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చని నేనే తెలుగులో చెప్పాను. అడిగితే 'మళ్లీ చూడకుంటే ఖాయంగా చెప్పలేమంటారు, రాత్రే ప్రాణం పోయినా పోవచ్చంటారు, అంతే గదా' అన్నారు. కారణం: పొద్దున స్లాబ్ పని, అడ్వాన్స్ డబ్బు లేకపోవడం. జయదేవకు రెఫరల్, పరీక్ష అయ్యేదాకా ఇక్కడే ఉండటం: రెండూ వద్దన్నారు. బావమరిది, స్టాఫ్ నర్స్ ఎదుట చెప్పాను."

దీని కింద నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, వెళ్లేటప్పటి బీపీ, పల్స్. ఫారం ఇంగ్లిష్, కన్నడల్లో ఉంది, అతనికి తెలుగు తప్ప చదవడం రాదు. అందుకని చదివి వినిపించినట్టు కూడా రాశాను. సంతకం అతనిదే తీసుకున్నాను. బావమరిది "నేను పెడతాలే సార్" అని పెన్ను అందుకున్నాడు గానీ, తెలివిలో ఉన్న పెద్దమనిషి తరఫున ఇంకొకరి సంతకం చెల్లదు, అది సాక్షి గడిలోకే. "మొండిగా ప్రవర్తించాడు" లాంటి మాటలు మాత్రం నోట్‌లో వద్దు. అవి మీ కోపాన్నే చూపిస్తాయి.

లామా అన్నాక మన పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామందిని చూశాను. మందుల చీటీ ఇవ్వరు, రిపోర్టులు ఆపేస్తారు. అది తప్పు. అతనికి ఆస్పిరిన్ నమిలించి, చీటీ, ఈసీజీ కాపీ ఇచ్చి, నొప్పి తిరగబెట్టినా చెమటలు పట్టినా ఆయాసం వచ్చినా వెంటనే ఏదో ఒక ఆసుపత్రికి పొమ్మని, మనసు మారితే ఏ గంటకైనా ఇక్కడికే రమ్మని చెప్పి, అదీ రాశాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. లామా మీద వెళ్లాడని ఆ హక్కు పోదు.

ఇంకోటి. ఐసీయూలో బెడ్ లేక మనమే పంపిస్తూ లామా రాయించమని పైనుంచి చెప్తారు. ఒప్పుకోకండి. అది రెఫరల్. బెడ్ లేదని, ఎవరితో మాట్లాడి ఎక్కడికి పంపామో రాయాలి.

సంతకం పెట్టనంటే బలవంతం చేయొద్దు, ఆపి ఉంచొద్దు. "సంతకానికి నిరాకరించారు" అని టైమ్ వేసి సాక్షి చేత సంతకం చేయించండి. చెప్పకుండా జారుకుంటే మాత్రం అది లామా కాదు. చూసిన టైమ్, వెతికిన సంగతి, ఫోన్ చేస్తే ఎవరేమన్నారో రాసి, సెక్యూరిటీకి, పై డాక్టరుకు చెప్పినట్టు కూడా నోట్ చేయండి.