ఫొటో చూసి ఎన్95 మాస్కును ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: మాది చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్. ఎన్95 మాస్కులు చవగ్గా ఇస్తామని ఒకాయన వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. వాటిలో ఏం చూడాలి?

జవాబు: ఫొటో చూసి మాస్కు వద్దనొచ్చు గానీ, మంచిదని తేల్చేయలేం. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సేఫ్టీ సామాను కొనే పని నాది. ఇలాంటి ఫొటోలు తరచూ వస్తుంటాయి. ఒకసారి వచ్చినవాటిని ఎలా చూశానో చెబుతాను.

మాస్కు మీద పెద్ద అక్షరాల్లో N95, కింద NIOSH APPROVED అని ఉంది, అంతే. NIOSH అంటే పనిచేసేవాళ్ల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ. నిజంగా దాని ఆమోదం ఉంటే తయారీదారు పేరు, మోడల్ నంబరు, TC-84A- తో మొదలయ్యే నంబరు మాస్కు మీదే ఉంటాయి. డబ్బా మీద ఉన్నాయంటే చాలదు. అడిగితే అమ్మేవాడు ఒక సర్టిఫికెట్ ఫొటో పంపాడు, అందులో వేరే కంపెనీ పేరుంది! మన దేశపు మాస్కయితే ఐఎస్ఐ గుర్తు పైన IS 9473, కింద CM/L తో మొదలయ్యే లైసెన్సు నంబరు, దగ్గర్లోనే FFP2 లాంటి వడపోత తరగతి వెతకండి.

తర్వాత పట్టీలు. అవి చెవులకు తగిలించుకునేవి. NIOSH అని రాసి చెవి పట్టీలుంటే నాకు అక్కడే అనుమానం వస్తుంది, ఎందుకంటే ఆ ఆమోదం ఉన్నవాటికి తల చుట్టూ తిరిగే రెండు పట్టీలుంటాయి. ఒకటి నడినెత్తి వెనక్కి, రెండోది చెవుల కిందుగా మెడ మీదికి వస్తుంది. ఆ లాగుడుకే అంచు ముఖానికి అతుక్కుంటుంది. FFP2 లలో చెవి పట్టీలవీ ఉంటాయి కాబట్టి అక్కడ ఇదొక్కటే చూసి తీసేయకండి. ఫొటో పెద్దది చేస్తే ఇంకోటి కనిపించింది. పట్టీ అతికించిన చోట గుడ్డ కరిగి చిల్లు పడింది, అదీ కుట్టు గీతకు లోపలివైపు. గాలి వడకట్టాల్సిన భాగంలోనే దారి తెరిచినట్టన్నమాట.

పొరలు మామూలు ఫొటోలో తెలియవు. ఒక మాస్కును కత్తెరతో అడ్డంగా కోసి, పొరలు విడదీసి, వెలుతురులో దగ్గరగా తీసి పంపమన్నాను. పైపొర, లోపలి పొర మీద వరుసగా చిన్న చిన్న చుక్కల అచ్చు ఉంటుంది. అది స్పన్‌బాండ్ గుడ్డ. మధ్యలో చుక్కల్లేకుండా, తెల్లగా, పల్చటి కాగితంలా కనిపించాల్సింది మెల్ట్‌బ్లోన్ పొర. సన్నటి ధూళిని పట్టేది ప్రధానంగా అదే. ఆయన పంపిన ఫొటోలో మూడు పొరల మీదా చుక్కలే. బేరం అక్కడితో ఆపేశాను.

మధ్యపొర కనిపించినా, ధూళిని లాగి పట్టే స్థిర విద్యుత్ ఆవేశం దాని మీద మిగిలిందో లేదో ఏ ఫొటోలోనూ తెలియదు. కాబట్టి ఇవన్నీ దాటిన మాస్కుకే CM/L నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల BIS Care యాప్‌లో, TC నంబరును NIOSH వెబ్‌సైటులోని జాబితాలో కొట్టి, కంపెనీ పేరు కలుస్తుందో లేదో చూడండి. TC నంబరైతే మోడల్ కూడా కలవాలి. అసలు నంబర్లనే కాపీ కొట్టేవాళ్లూ ఉన్నారు, అందుకే ఆ కంపెనీ డీలర్ దగ్గరే బిల్లుతో కొనండి.