కలంకారీ పటానికి వివరణ ఎలా రాయాలి?

"మాది శ్రీకాళహస్తి. కన్నప్ప కలంకారీ పటాన్ని ఆన్‌లైన్‌లో పెట్టి 'దివ్యమైన, పవిత్రమైన కళాఖండం' అని రాశాం. అమెరికాలో కొన్న ఒకావిడ పాల వాసన వస్తోందని వెనక్కి పంపారు. ఏం రాయాలి?"

అన్నా, ముందు ఆ విశేషణాలు తీసేయండి. ఏ దేవుడి బొమ్మకైనా అవే అతుకుతాయి. భక్తి ఘట్టంలోనే ఉంది, దాన్ని చెప్పండి. ఆ వాసన కూడా లోపం కాదు, పనితనానికి గుర్తు. కాకపోతే కొనకముందే తెలియాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఒక కన్ను స్వామికి ఇచ్చేశాడు. రెండోదీ తీస్తే చోటు కనిపించదని, గుర్తుగా లింగం మీద కాలు ఆనించాడు కన్నప్ప. ఈ పటం ఆ క్షణానిది. గాడా బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టాం, రంగు పాకకుండా. నల్ల గీతలు బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసిమితో, వెదురు కలంతో గీసినవి. పటిక పూసిన చోటే ఎరుపు పట్టింది. కొత్తలో కాస్త పాల వాసన ఉంటుంది, నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది. నేరుగా ఎండ తగిలే గోడకు వద్దు."

గీత సన్నబడి లావెక్కే చోట దగ్గరగా ఒక ఫోటో, వెనకవైపు ఒకటి పెట్టండి. స్క్రీన్ ప్రింటులో ఒకే బొమ్మ అచ్చుగుద్దినట్టు వస్తుంది కాబట్టి తేడా వాళ్లకే తెలుస్తుంది. 'శ్రీకాళహస్తి కలంకారీ'కి భౌగోళిక గుర్తింపు ఉంది, ప్రింటు సరుకుకు ఆ పేరు తగిలించకండి. గుడిలో పూజ చేయించకుండా 'పూజలో పెట్టినది' అనీ రాయొద్దు.