దొర ఏ పేజీలో దిగాలి? ఖాళీ డమ్మీ నాకు చెప్పిన సంగతి

ప్రశ్న: పిల్లల కోసం బొమ్మల కథ రాశాను, 32 పేజీల పుస్తకం వేయాలని ఉంది. బొమ్మలు వేసే ఆమె "ముందు ఖాళీ కాగితాలతో డమ్మీ చేసి, ఏ పేజీలో ఏముందో చూసుకుని పంపండి" అంటున్నారు. వర్డ్ ఫైల్లో పేజీలు విడగొట్టి ఇస్తే చాలదా? ఆ డమ్మీలో అసలు ఏం చూడాలి?

జవాబు: చాలదండీ. మొదటి పుస్తకానికి నేనూ వర్డ్ ఫైలే పంపాను. అది తప్పని తెలియడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, కానీ దాన్ని సరిచేసుకోవడానికి వారం పట్టింది.

మాది తిరుపతి. నేను రాసుకున్నది మా ఊళ్ళో గంగమ్మ జాతర గురించి చెప్పుకునే కథ. ఆడవాళ్ళను వేధించే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె బైరాగి వేషంలో వెతుకుతుంది, బండ వేషంలో, తోటి వేషంలో వెతుకుతుంది, వాడు దొరకడు. చివరికి దొర వేషం కడుతుంది. వచ్చింది ఎవరో దొర అనుకుని వాడు బయటికొస్తాడు, అక్కడ చిక్కుతాడు. పెద్దవాళ్ళ కథలోని తలనరకడం నేను బొమ్మలో చూపలేదు, అది వేరే చర్చ. పిల్లలకు ఈ కథలో ఉన్న ఆనందమంతా ఒక్క క్షణంలో ఉంది. వాడు తల బయటపెట్టి చూస్తాడు, పేజీ తిప్పగానే ఎదురుగా దొర.

వర్డ్ ఫైల్లో ఈ క్షణం కనబడదు. స్క్రీన్ మీద పేజీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, అన్నీ సమానంగా ఉంటాయి. చేతిలో పుస్తకం అలా ఉండదు. ఎడమ, కుడి పేజీలు ఒకేసారి కంటబడతాయి. కుడి పేజీ దాటాలంటే చెయ్యి కదలాలి. పిల్లల ముందు ఏదైనా దాచగలిగేది ఆ ఒక్క చోటే.

డమ్మీ చేయడానికి 8 ఎ4 కాగితాలు చాలు. దొంతరగా పెట్టి మధ్యకు మడిస్తే 16 ఆకులు, 32 పేజీలు వస్తాయి. మామూలు స్టేప్లర్ మధ్య మడత దాకా చేరదు. నేను దబ్బనంతో మడత మీద మూడు రంధ్రాలు చేసి, దారంతో కుట్టాను. తర్వాత పెన్సిల్‌తో 1 నుంచి 32 వరకు నంబర్లు వేయండి. 1 కుడివైపు ఒంటరిగా వస్తుంది. 2, 3 ఎదురెదురుగా, 4, 5 ఎదురెదురుగా, అలా 30, 31 దాకా. 32 మళ్ళీ ఒంటరి. అంటే కుడివైపు ఎప్పుడూ బేసి సంఖ్యే. ఇది చదివితే చిన్న విషయంలా ఉంటుంది గానీ, చేత్తో నంబర్లు వేస్తేనే మనసుకు పడుతుంది.

నంబర్లు వేశాక కథకు ఎన్ని పేజీలు మిగులుతాయో చూసుకోండి. నా పుస్తకంలో 1 పేరు పేజీ, 2 ప్రచురణ వివరాలు, 3 అంకితం. కథ 4, 5 మీద మొదలై 31 దాకా, అంటే 28 పేజీలు. కవర్ ఈ 32లో కలుస్తుందా, విడిగా ఉంటుందా అని ప్రెస్సు వాళ్ళను డమ్మీ చేయకముందే అడగండి. నేను అడగలేదు. రేటు చెప్పేటప్పుడు వాళ్ళు కవర్‌ను కూడా 32లోనే లెక్కేశారు. అప్పటికి నా డమ్మీ తయారైపోయింది, నాలుగు పేజీలు పోతాయని తెలిసి గుండె జారింది. కవర్ విడిగా వేయడానికి ఒప్పించి, అదనంగా డబ్బు కట్టాను.

ఇక కథ. ప్రింటు తీసిన వాక్యాలను కత్తిరించి, కొంచెం జిగురు అద్ది పేజీల్లో అంటించాను. బొమ్మల చోట ఒక్క మాట, "బైరాగి", "ఖాళీ వీధి", "తొంగిచూపు" అని. నా మొదటి లెక్కలో 10, 11 పేజీలు బైరాగి. 12, 13 బండ. 14, 15 తోటి. 16 ఖాళీ వీధి. 17లో పాలెగాడు దాక్కున్న చోటు. 18లో వాడు తొంగి చూస్తాడు. 19లో దొర.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. ఏమీ చెప్పకుండా దాని చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను. ఇక్కడ మీరు నోరు కట్టేసుకోవాలి, వివరించడం మొదలుపెడితే పరీక్ష పోయినట్టే. అది 17 చదివి తిప్పింది. ఎడమవైపు 18లో తొంగిచూపు గురించి మూడు వాక్యాలున్నాయి. వాటిని చదవనేలేదు. కళ్ళు నేరుగా 19లో పెద్దక్షరాలతో రాసిన "దొర" మీదికి పోయాయి. "ఆ దొరే గంగమ్మ కదా చిన్నమ్మా, ఈడనే ఉందిగా" అంది. నేను ఆరు నెలలు అపురూపంగా దాచిపెట్టిన రహస్యం, పక్క పేజీలోనే బట్టబయలుగా ఉంది.

తొంగిచూపు కుడి పేజీలో, దొర దాని వెనక ఎడమ పేజీలో ఉండాలి. కాబట్టి ముందు నుంచి ఒక పేజీ తగ్గించాలి, లేదా ఒకటి పెంచాలి. ఇక్కడే నేను తికమకపడ్డాను. మూడు వేషాలకూ రెండేసి పేజీలివ్వడం ఎలాగూ సాగదీతగా అనిపిస్తోంది. మూడోసారి అదే పద్ధతిలో వచ్చేసరికి పాప చదవకుండానే తిప్పింది, అది కూడా గమనించాను. అందుకని బండ, తోటి వేషాలకు ఒక్కో పేజీ చాలనుకున్నాను. రెండు పేజీలు తగ్గాయి. సంతోషంగా నంబర్లు మార్చి చూస్తే తొంగిచూపు 16, దొర 17. మళ్ళీ ఎదురెదురే! సరి సంఖ్యలో ఎన్ని పేజీలు తీసినా, కలిపినా ఎడమది ఎడమే, కుడిది కుడే. బేసి సంఖ్యలో మారిస్తేనే పక్క మారుతుంది. స్కూల్లో చదివిన లెక్కే, కాగితం తిప్పుతూ ఉంటే గానీ బుర్రకెక్కలేదు.

అప్పుడు ఖాళీ వీధిని ఒక పేజీ నుంచి రెండు పేజీలకు పెంచాను. ఇప్పుడు 10, 11 బైరాగి. 12 బండ, 13 తోటి. 14, 15 రెండు పేజీల నిండా ఖాళీ వీధి, ఒక్క మాట కూడా లేకుండా. 16 దాక్కున్న చోటు, 17 తొంగిచూపు. తిప్పితే 18, 19 నిండా దొర. 20 నుంచి కథ ఎక్కడిదక్కడే ఉంది, ఏదీ జరపాల్సిన పని పడలేదు. దొర రెండో పేజీని కూడా ఆక్రమించింది కాబట్టి లెక్క సరిపోయింది. మధ్యలో ఎక్కడో ఒక పేజీ కలిపి ఊరుకుంటే, ఆ తర్వాతి మలుపులన్నీ పక్కలు మారి పాడవుతాయి. కాబట్టి ఒక చోట సరిచేసినప్పుడు, తర్వాతి మలుపు వచ్చేలోపే ఆ తేడాను ఎక్కడ సర్దాలో కూడా చూసుకోవాలి.

వేగం కూడా దీనితోనే తెలిసింది. బైరాగి నింపాదిగా, బండా తోటీ గబగబా, ఆ తర్వాత వీధి మీద ఒక నిశ్శబ్దం. రెండో డమ్మీని ఎదురింటి అబ్బాయికిచ్చాను, ఎందుకంటే పాపకు కథ తెలిసిపోయింది, ఇక పనికిరాదు. వాడు మాటల్లేని వీధి దగ్గర ఆగాడు, ఏమీ లేదేమిటని పేజీ కిందా మీదా చూశాడు. 17 చదవడం పూర్తి కాకముందే వాడి వేలు కుడి పేజీ కింది మూలకు పోయింది. మీరు చూడాల్సింది ఆ వేలినే. చదువుతూండగానే మూల పట్టుకుంటే మలుపు పనిచేస్తున్నట్టు. కానీ ప్రతి పేజీలోనూ అలాగే చేస్తుంటే విసుగేమో చూసుకోండి. కాసేపటికి "ఇందాక ఏం జరిగింది?" అని అడగండి, చెప్పలేకపోతే విసుగే. వెనక్కి తిప్పి చూస్తే అక్కడ ఏదో అర్థం కాలేదన్నమాట.

బొమ్మలు వేసే ఆమెకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. కుట్టిన పుస్తకంలో 16, 17 మాత్రమే ఒకే కాగితం మీద ఉంటాయి. మిగతా ఎదురెదురు పేజీలన్నీ రెండు వేర్వేరు కాగితాల ముక్కలే. 18వ పేజీ ఉన్న కాగితం మీద దాని జంట 15, 19కి జంట 14. ఆ రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 33 వస్తుంది, సరిచూసుకోండి. నేను డమ్మీలో 18, 19 మధ్యన దొర ముఖమని ఒక గుండ్రం గీశాను. పుస్తకం మామూలుగా తెరిచి పట్టుకుంటే ముక్కు మడతలోకి పోయింది. అచ్చులో రెండు సగాలు కాస్త పైకీ కిందికీ కూడా రావచ్చు. అందుకని ముఖం 19 వైపు, గుర్రం 18 వైపు అనుకున్నాం. డమ్మీని మడిచాక అంచు కూడా ఓసారి చూడండి, మధ్య ఆకులు బయటికి పొడుచుకొస్తాయి. ప్రెస్సులో ఆ మేర కోసేస్తారు, కాబట్టి మధ్య పేజీల్లో మాటలు బయటి అంచుకు మరీ దగ్గరగా వద్దు.

ఎ4 మడిచిన డమ్మీ మలుపులకు చాలు, అక్షరాలకు చాలదు. నా పుస్తకం క్రౌన్ 1/4, అంటే దాదాపు 7.5 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. చివరి డమ్మీకి యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ఎ3 కాగితాలు తీసుకుని 15 అంగుళాలు, 10 అంగుళాలకు కోయించి మడిచాను. వాక్యాలు 18 పాయింట్లలో ప్రింటు తీసి అంటించాను. అప్పుడు తెలిసింది, ఒత్తులూ గుడులూ ఒకదానికొకటి తగలకుండా లైన్ల మధ్య జాగా ఇస్తే, ఆరు లైన్లనుకున్నది పేజీలో మూడో వంతు తింటోందని. రెండు చోట్ల వాక్యాలు కొట్టేశాను. కొట్టేసినవి రెండూ బొమ్మలో కనబడే విషయాలే.

ఖాళీ డమ్మీ చెప్పలేనిదీ ఉంది. బొమ్మ ఎంతసేపు చూడాలనిపిస్తుందో అది చెప్పదు. ఆమె స్కెచ్‌లు పంపాక వాటిని జిరాక్స్ తీసి అదే డమ్మీలో అంటించి మళ్ళీ ఎవరికైనా ఇవ్వండి. నా ఖాళీ వీధి అప్పుడు ఇంకా నిదానించింది. ఆమె ఒక గుమ్మం వెనక పాలెగాడి కాలివేళ్ళు వేశారు, పిల్లలు వాటిని వెతుక్కుంటున్నారు.

పంపేటప్పుడు ఫోటోలు కాకుండా డమ్మీనే కొరియర్ చేయండి, ఆమె కూడా తిప్పి చూడాలి. 32వ పేజీని మర్చిపోకండి. అది ఒంటరి పేజీ అయినా 31 తర్వాత అక్కడా ఒక మలుపు ఉంది. నేను దాన్ని ఖాళీగా వదిలేస్తే ఆమె అడిగి తీసుకుని, అందులో దొర మీసం పెట్టుకున్న ఓ చిన్న పిల్లను వేశారు.