టెక్ సందేహాలు: 94 దగ్గరే ఆగిపోతున్న నెట్

"మాది 300 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. రౌటర్ హాల్లో ఉంది, లోపలి గదిలోని ల్యాప్‌టాప్‌కి గోడ వెంట కేబుల్ లాగించుకున్నాను. నెల రోజులుగా మీటింగుల్లో మాట తెగి తెగి వస్తోంది. స్పీడ్ టెస్ట్ 94 దాటడం లేదు. ఫోన్‌లో వైఫై మీద మాత్రం 280 వస్తోంది. నెట్ వాళ్లేమో 'మా లైన్ బాగానే ఉంది సార్' అంటున్నారు."
— ఒక పాఠకుడు, హనుమకొండ

ఈసారి నెట్ వాళ్ల మాట నమ్మొచ్చు. వైఫైలో 280 వస్తోందంటే రౌటర్ దాకా లైన్ బాగున్నట్టే. అసలు గుట్టు ఆ 94లో ఉంది. 100 ఎంబీపీఎస్ లింక్‌లో హెడర్ల ఖర్చు పోగా చేతికొచ్చేది దాదాపు అంతే. అంటే మీ ల్యాప్‌టాప్, రౌటర్ రెండూ 1000 ఎంబీపీఎస్ ఇచ్చే గిగాబిట్‌వే అయినా, మధ్యలో 100కే ఒప్పుకున్నాయన్నమాట.

కేబుల్లో 8 తీగలు, 4 జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. నీలం తీగో గోధుమరంగు తీగో ఒక్కటి తెగినా, చాలా పరికరాలు గిగాబిట్ కోసం ప్రయత్నించి, కుదరక 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టండి:

```
Get-NetAdapter
```

అందులో ఈథర్నెట్ వరుసలో LinkSpeed కింద 1 Gbps ఉండాలి. మీకు 100 Mbps కనిపిస్తుందనుకుంటున్నాను.

100కి దిగినంత మాత్రాన మాట తెగదు. మీటింగ్‌కి అది చాలా ఎక్కువ. తీగ కొస కనెక్టర్‌లో వదులుగా ఉంటే డేటా దారిలో చెడిపోతుంది, అవతలి పరికరం దాన్ని చూసి చెప్పాపెట్టకుండా పారేస్తుంది. వెబ్ పేజీ అయితే పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటుంది, మనకు తెలియదు. మీటింగ్‌లో మాటకు అంత తీరిక ఉండదు, పోయింది పోయినట్టే. ఎంత పోతోందో చూడాలంటే ఇంటర్నెట్‌కి కాదు, రౌటర్‌కే పింగ్ కొట్టాలి, అంటే చిన్న ముక్కలు పంపి ఎన్ని తిరిగొస్తాయో చూడాలి. ipconfig కొడితే Default Gateway పక్కన ఉండేదే దాని అడ్రస్. వైఫై ఆపేసి, 192.168.1.1 బదులు ఆ అడ్రస్ పెట్టి ఇది కొట్టండి:

```
ping -n 200 192.168.1.1
```

ఇంట్లో కేబుల్ మీద 200కి 200 తిరిగి రావాలి. నాలుగైదు పోయినా అది లైన్ తప్పు కాదు, మీ ఇంట్లోనే ఏదో ఉంది.

ఇప్పుడు మార్చి చూడటం. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ల్యాప్‌టాప్‌ని రౌటర్ దగ్గరికి తీసుకెళ్లి, అదే పోర్టులో మంచిదని తెలిసిన చిన్న కేబుల్ పెట్టండి. 1 Gbps వచ్చి, పింగ్‌లో ఒక్కటీ పోకపోతే దోషం గోడ కేబుల్‌ది. ఇక్కడే చాలామంది పొరబడతారు: పీకి పెట్టడంతోనే వదులు కాంటాక్ట్ కాసేపు సర్దుకుంటుంది. అందుకని పాత కేబుల్‌ని మళ్లీ పెట్టి, తప్పు తిరిగి వచ్చిందా అని చూడండి. తిరిగి వస్తేనే దొంగ దొరికినట్టు.

చిన్న కేబుల్‌తోనూ 100 వస్తే రౌటర్‌లో ఇంకో పోర్టు ప్రయత్నించండి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి 100వే. అలాంటప్పుడు అది తప్పేం కాదు, పోర్టు మారిస్తే సరిపోతుంది. టార్చ్ వేసి పోర్టులోకి చూస్తే వంగిన పిన్ను ఒక్కోసారి కంటికే కనిపిస్తుంది. అన్ని పోర్టుల్లోనూ అదే తీరు అయితే ఇంకో ల్యాప్‌టాప్‌తో చూడండి. దానికి 1 Gbps వస్తే దోషం మీ ల్యాప్‌టాప్‌దే. ముందు డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ Speed & Duplex సెట్టింగ్ Auto Negotiation మీదే ఉందో లేదో చూడండి, ఉంటే అప్పుడు యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అడాప్టర్ కొనుక్కోండి.

గోడ కేబులే అని తేలితే మొత్తం పీకించకండి. రెండు కొసలూ రెండంగుళాలు కత్తిరించి కొత్త కనెక్టర్లు వేయిస్తే ఎక్కువసార్లు అక్కడితో తీరిపోతుంది. కేబుల్ వేసినవాళ్లు టెస్టర్ పెట్టి ఎనిమిది లైట్లూ వెలిగాయని చెప్పినా, మీ ముందే LinkSpeed, పింగ్ రెండూ చూపించమనండి. ఆ లైట్లు తీగ తెగలేదని మాత్రమే చెబుతాయి.

మా ఇంట్లో ఇలాగే ఒకసారి పగలంతా బాగుండేది, రాత్రి పని చేసుకుంటుంటే తెగేది. మూడు రోజుల తర్వాత తెలిసింది, కేబుల్ తలుపు సందులోంచి వెళ్తోందనీ, రాత్రిపూట ఏసీ కోసం తలుపు వేస్తున్నామనీ.