‘అది’ అంటే ఏది?

సందేహం: వెండర్లకి తెలుగులోనే చిన్న మెయిల్స్ రాస్తుంటాను. మొన్న ఇలా రాశాను: “కొటేషన్, బిల్లు రెండూ అందాయి. ఇందులో తేడా ఉంది. అది సరిచేసి పంపండి. వారు ఓకే అంటేనే పేమెంట్.” నాకు కావలసింది సరిచేసిన బిల్లు. వాళ్లేమో కొటేషన్ మార్చి పంపారు. నేను రాసినదాంట్లో తప్పేముంది? ప్రతిసారీ పేరు రాస్తే చాదస్తంగా ఉండదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ వాక్యాల్లో పెద్ద తప్పేమీ లేదు. చిక్కంతా మూడో వాక్యంలోని ‘అది’తోనే. దానికి ముందు కొటేషన్, బిల్లు, తేడా అని మూడు నామవాచకాలున్నాయి. మూడూ ఏకవచనమే, మూడింటికీ ‘అది’ సరిపోతుంది. మాట్లాడేటప్పుడైతే మీరు బిల్లు మీద వేలు పెట్టి చూపిస్తారు. మెయిల్‌లో ఆ వేలు కనబడదు.

ఇలాంటి చోట చాలామంది చెప్పే ఉపాయం, ‘అది’ తీసేసి ‘ఆ’ పక్కన ఒక నామవాచకం చేర్చడం. చాలాసార్లు అది చాలు కూడా. కానీ మీ మెయిల్‌లో ‘ఆ తేడా సరిచేసి పంపండి’ అని రాసినా ఇదే జరిగేది. తేడాని రెండు వైపుల నుంచీ సరిచేయవచ్చు: బిల్లులో రేటు తగ్గించినా పోతుంది, కొటేషన్‌లో రేటు పెంచినా పోతుంది. వెండర్ తనకి అనుకూలమైన రెండో దారి పట్టారు, మీ వాక్యం దాన్ని ఆపలేదు. కాబట్టి దగ్గరలో ఉన్న నామవాచకాన్ని కాకుండా, అవతలివాళ్లు దేని మీద చేయి వేయాలో ఆ వస్తువు పేరే రాయాలి. ‘అది’ స్థానంలో ‘బిల్లు’ అంటే చాలు: “బిల్లు సరిచేసి పంపండి.” మారింది ఒక్క మాటే.

‘ఇందులో’ కూడా కొంచెం ఇబ్బందే. ‘రెండూ’ అన్నాక ఏకవచనంలో ‘ఇందులో’ అంటే, రెండింటికీ మధ్య తేడా అనా, చివర చెప్పిన బిల్లులోనే ఏదో తేడా అనా అన్న అనుమానం వస్తుంది. ‘రేటులో తేడా ఉంది’ అంటే ఎక్కడ చూడాలో కూడా తెలుస్తుంది.

ఇక ‘వారు’. తెలుగులో ఇది బహువచనమూ అవుతుంది, ఒక్కరికే ఇచ్చే గౌరవమూ అవుతుంది. క్రియ కూడా సాయపడదు, ‘ఒప్పుకున్నారు’ అంటే మేనేజరు గారొక్కరే కావచ్చు, అకౌంట్స్ విభాగమంతా కావచ్చు. పైగా మీ మెయిల్‌లో ‘వారు’కి ముందు మనుషుల ప్రస్తావనే లేదు. ‘మా అకౌంట్స్ వారు’ అనండి. ‘వారు’ అలాగే ఉంది, ముందు రెండు మాటలు చేరాయి, అంతే.

ఇద్దరు మనుషులున్న వాక్యంలో మాత్రం తెలుగు మనకి ఇంకా చిన్న సవరణ ఇచ్చింది. “రవి గారు శ్రీను గారికి వారి ఫైలు ఇచ్చారు” అంటే ఫైలు ఎవరిదో తేలదు. రవి గారిదే అయితే ‘వారి’ని ‘తన’ చేయండి, ‘తన’ కర్త వైపే చూస్తుంది. శ్రీను గారిది అయితే “శ్రీను గారి ఫైలు రవి గారు తిరిగి ఇచ్చేశారు” అనాలి.

పంపే ముందు ప్రతి ‘ఇది, అది, వారు’ దగ్గర ఆగి ‘ఏది? ఎవరు?’ అని అడగండి. మెయిల్‌లోంచే ఒక్క జవాబు వస్తే ముట్టుకోవద్దు. “బిల్లు అందింది. అది అకౌంట్స్‌కి పంపాను” అన్నది నిక్షేపంగా ఉంది. రెండు జవాబులొస్తే పేరు రాయండి. ఒక్కోసారి జవాబు ఒక వస్తువు కాదు, ముందు వాక్యాల్లో చెప్పిన సంగతి. “స్టాక్ తగ్గింది. లారీ ఇంకా రాలేదు. దీనివల్ల బిల్లింగ్ ఆగింది.” ఏది ఆపింది, స్టాకా, లారీయా? ‘లారీ ఆలస్యం వల్ల’ అంటే తేలిపోతుంది. రెండూ కారణమైతే ‘ఈ రెండింటి వల్ల’ అనండి.

చాదస్తం సంగతి. నాలుగు వాక్యాల మెయిల్‌లో ‘బిల్లు’ రెండుసార్లు వస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ‘మీరు పంపిన మార్చి నెల బిల్లు’ అని పూర్తిగా మళ్లీ మళ్లీ రాస్తేనే బరువవుతుంది. మొదటిసారి అలా రాసి, తర్వాత ‘బిల్లు’ అంటే చాలు. మీ మెయిల్ ఇలా ఉంటే సరిపోయేది: “కొటేషన్, బిల్లు రెండూ అందాయి. రేటులో తేడా ఉంది. బిల్లు సరిచేసి పంపండి. మా అకౌంట్స్ వారు ఓకే అంటేనే పేమెంట్.”