తాండ్ర పొట్లం మీద ఏం రాయాలి?

సందేహం: ఒకమ్మాయితో పరిచయమై నెలన్నర అయింది. మూడుసార్లు కాఫీకి కలిశాం. మొన్న మాటల్లో చిన్నప్పుడు భీమాళి తాండ్ర తినేదాన్నని చెప్పింది. నేను పనిమీద అటు వెళ్లినప్పుడు పావుకిలో కొన్నాను. పొట్లంతోపాటు చిన్న చీటీ పెడదామని ‘ఈ చిరుకానుక మీ కోసమే, ప్రేమతో స్వీకరించగలరు’ అని రాశాను. చదివితే పెళ్లిపత్రికలా ఉంది. కానుక అనాలా, బహుమతి అనాలా? ఒకరినొకరం ‘మీరు’ అనుకుంటున్నాం. చీటీలో ‘నువ్వు’ అంటే దగ్గరగా ఉంటుందా? – ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: రెండు మాటల్లో ఏదీ వద్దు. ఇచ్చిపుచ్చుకునే వస్తువులకు తెలుగులో ఉన్న పేర్లు చాలావరకు ఏదో ఒక తంతునో, ఒక హోదానో వెంటబెట్టుకుని వస్తాయి. పైడితల్లి అమ్మవారి హుండీలో వేసేది కానుక. ఇంకో పక్క ‘కట్నకానుకలు’ అనే జంటపదంలో ఉన్నదీ అదే కానుక. ముందు ‘చిరు’ తగిలించినంత మాత్రాన ఆ వాసన పోదు. పైగా ‘చిరుకానుక’ అచ్చులో తప్ప ఎవరి నోటా వినపడదు. బహుమతి పరుగుపందెంలో నెగ్గినవాళ్లకి ఇస్తారు, ఆవిడ మీ దగ్గర ఏ పందెమూ నెగ్గలేదు. సారె అంటే ఇక పెళ్లే. ‘గిఫ్ట్’ వీటన్నిటికంటే తేలిక, మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. కాని తాండ్ర చేతిలో పెడుతూ ఇది గిఫ్ట్ అని చీటీలో చెప్పడం దేనికి? వస్తువు పేరే రాయండి: ‘భీమాళి తాండ్ర.’ ఆవిడ మాటల్లో వచ్చిన పేరు అదే కాబట్టి మీరు విన్నారన్న సంగతి ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది.

ఇక మీ వాక్యంలో బరువు ఎక్కడుందో చూద్దాం. ‘స్వీకరించగలరు’ పత్రికల భాష. ‘విచ్చేయగలరు’కి తోబుట్టువు. ‘ప్రేమతో’ అన్నది మూడు కాఫీల దగ్గర ఇంకా మీ ఇద్దరి మధ్యా రాని మాట. దాన్ని మొదట చీటీలో చదవాల్సి వస్తే, తాండ్ర తీసుకోవడమంటే ఆ మాటకీ ఒప్పుకున్నట్టేనా అని ఆవిడ ఆలోచించాలి. ఈ రెండూ కొట్టేస్తే ‘మీ కోసమే’ మిగులుతుంది. ‘మీకు తెచ్చాను’ అంటే ఎవరికి అన్నది మాత్రమే చెబుతున్నాం. ‘మీ కోసం తెచ్చాను’ అంటే తేవడానికి కారణం మీరేనని అర్థం. చివర ‘ఏ’ చేరి ‘మీ కోసమే’ అయ్యేసరికి ఇంకెవరికీ కాదు సుమా అని నొక్కి చెప్పినట్టవుతుంది. ఒక్క అచ్చు పనే అదంతా. మీరు ‘మీకు’ దగ్గర ఆగండి.

కారణం చెప్పే చోట ఇంకో మెలిక ఉంది. ‘భీమాళి వెళ్లి తీసుకున్నాను’ అంటే దానికోసమే వెళ్లినట్టు. ‘అటు వెళ్తే కనిపించింది, తీసుకున్నాను’ అంటే మీ పని మీరు చూసుకుంటుండగా ఆవిడ మాట గుర్తొచ్చినట్టు. మీరు నిజంగానే పనిమీద వెళ్లారు కాబట్టి రెండోదే సరైనది. కావాలనే వెళ్లి ఉంటే ఆ రెండో వాక్యం అబద్ధమవుతుంది. అప్పుడు ఎలా వెళ్లిందీ వదిలేసి ‘దొరికింది’ అంటే చాలు. ‘గుర్తుపెట్టుకుని మరీ తెచ్చాను’ అని మాత్రం రాయకండి. అక్కడ ‘మరీ’ పడిన శ్రమకు లెక్క చూపిస్తుంది. లెక్క చూపిస్తే అవతలివాళ్లకి బాకీ పడ్డట్టుంటుంది. గుర్తుందని చెప్పడానికి ‘కదా’ ఒక్కటే చాలు. ‘మొన్న చెప్పారు కదా’ అన్నప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తెలుసన్న భావం వస్తుంది, గొప్ప రాదు.

‘నువ్వు’ సంగతి. నోటితో అనని మాట చీటీలో అనకూడదు. కాగితం మీద ‘నువ్వు’ చూశాక, మళ్లీ కలిసినప్పుడు తానూ ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ దగ్గరే ఉండాలా అని ఆవిడ తేల్చుకోవాల్సి వస్తుంది. ఇద్దరూ అటూ ఇటూ ఊగే దశలో ఉంటే తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. సర్వనామం ఎలాగూ వదిలేయవచ్చు గాని, ‘చెప్పారు’, ‘చెప్పావు’ అనే క్రియలు గుట్టు విప్పేస్తాయి. అందుకని కర్తను మనిషి మీదినుంచి మాట మీదికి మార్చండి: ‘మొన్న మాటల్లో వచ్చింది కదా.’ వచ్చింది తాండ్ర ప్రస్తావన. అక్కడ మీరూ లేదు, నువ్వూ లేదు. మీ ఇద్దరికీ ‘మీరు’ స్థిరంగానే ఉంది కనుక ఆ అవసరం ప్రస్తుతానికి లేదు.

ఇదీ సవరించిన చీటీ:

భీమాళి తాండ్ర. మొన్న చెప్పేరు కదా, అటు వెళ్తే కనిపించింది. మీకు తీసుకున్నాను.

కింద మీ పేరు. పైన ‘ప్రియమైన’, కింద ‘ఇట్లు’ అక్కర్లేదు. మాట్లాడేటప్పుడు పేరు పక్కన ‘గారు’ అనకపోతే రాతలోనూ వద్దు. ‘చెప్పేరు’ అని కావాలనే రాశాను. మన ఉత్తరాంధ్రలో చెప్పేరు, తెచ్చేను అనే అంటాం. మీ నోట వచ్చేది అదే అయితే అలాగే రాయండి. ‘చెప్పారు’ అనే అలవాటుంటే అదే ఉంచండి. ఆవిడ చదువుతున్నప్పుడు మీ గొంతు వినిపించాలి. చివర ‘నచ్చుతుందని ఆశిస్తున్నాను’ చేర్చాలనిపిస్తుంది. అది ఇంగ్లీషు ఉత్తరాల తోక. ‘ఎలా ఉందో చెప్పండి’ అన్నా చిక్కే, జవాబు రాయడం ఆవిడ మీద పని అవుతుంది.

పావుకిలో మంచి తూకం. కిలో పెట్టె అయితే ఇంట్లో ఎవరిచ్చారంటే చెప్పుకోవాలి, పావుకిలో చేతిసంచిలో పడిపోతుంది. తాండ్ర ఎండకి మెత్తబడి అంటుకుంటుంది కాబట్టి బటర్ పేపర్లో చుట్టి, చీటీని పై కవరుకీ దానికీ మధ్య పెట్టండి. బాల్‌పెన్నుతో రాయండి, జెల్ సిరా జిగురు తగిలితే అలుక్కుపోతుంది.

చేతికిచ్చాక ఆవిడ ‘అయ్యో, ఎందుకండీ ఇవన్నీ’ అనవచ్చు. రూపంలో ప్రశ్నే గాని అది మనలో పుచ్చుకునే మర్యాద. దానికి కారణాలు చెప్పడం మొదలుపెడితే చీటీలో దాచిన లెక్కంతా బయటికొస్తుంది. ‘ఊరికే, తినండి’ అనండి. ‘ఊరికే తెచ్చాను’ అంటే ప్రత్యేకించి కారణం లేదని. ‘ఊరికే ఇస్తున్నాను’ అంటే డబ్బులు అక్కర్లేదన్న అర్థమూ వస్తుంది కనుక రెండోది వాడకండి. అదే ఆవిడ ‘వద్దండీ, ఇంట్లో అడుగుతారు’ అందనుకోండి, అది మర్యాద మాట కాదు. ‘ఎందుకండీ’ అంటూ చెయ్యి చాచేవాళ్లు కారణం చెప్పరు. కారణం చెప్పారంటే వద్దనడం నిజమే. అప్పుడు ‘పర్లేదు, తీసుకోండి’ అని ఒక్కసారి కూడా అనవద్దు. పొట్లం విప్పి బల్లమీద పెట్టండి, కాఫీతోపాటు ఇద్దరూ చెరో ముక్కా తినవచ్చు.